మీటింగులో అన్నీ రాస్తున్నా, ఎవరు ఏం చేయాలో మాత్రం తేలడం లేదు

ప్రశ్న: తిరుపతిలో బీటెక్ చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో రోజూ మీటింగ్ నోట్స్ రాసే పని నాదే. మూడు పేజీలు రాస్తాను. తర్వాత సార్ "సరే, ఎవరెవరు ఏం చేయాలో చెప్పు" అంటే నోట మాట రాదు. ఎలా రాయాలి?

జవాబు:

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇంటర్న్‌గా చేశాను. తోతాపురి సీజన్‌లో రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మీటింగ్ ఉండేది. నోట్స్ నావే. ఒక సోమవారం నేను రాసిన లైను ఇప్పటికీ గుర్తుంది: "బ్యాగులు తగ్గాయి, ఆర్డర్ పెట్టాలి."

చూడటానికి బాగానే ఉంది కదా? ఎవరు పెట్టాలో మాత్రం అందులో లేదు. తెలుగులో ఉన్న చిక్కే ఇది. "పెట్టాలి", "చూడాలి", "పంపాలి" అంటే చేసేవాడి పేరు లేకుండానే వాక్యం పూర్తయిపోతుంది. "పెట్టేద్దాం" అయితే మరీ మోసం. అందరూ తలూపుతారు, ఎవరి నెత్తినా పడదు. ఆ రోజు స్టోర్ వాళ్లు పర్చేజ్ చూసుకుంటుందనుకున్నారు. పర్చేజ్ వాళ్లు స్టోర్ నుంచి ఇండెంట్, అంటే ఫలానాది కావాలని రాసిచ్చే కాగితం, వస్తుందని కూర్చున్నారు. గురువారం పొద్దున గానీ విషయం బయటపడలేదు.

స్టెరిలైజ్ చేసిన గుజ్జును డ్రమ్ములో ఉండే అసెప్టిక్ బ్యాగులో నింపుతారు. అది లేకపోతే లైన్ ఆపాల్సిందే, ఇంకో సంచిలో పోయడానికి కుదరదు. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం వరకు లైన్ ఆగింది. మాగిన కాయ ఆగుతుందా మరి?

తర్వాత నోట్స్ తిరగేస్తే సిగ్గేసింది. కావాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి, తలా ఒక మూల. స్టోర్ సార్ "స్టాక్ 1,100" అన్నారు. ప్రొడక్షన్ సార్ ఇంకెప్పుడో "రోజుకు 200 పోతున్నాయి" అన్నారు. పర్చేజ్ సార్ "ఆర్డర్ పెట్టాక 4 రోజులు పడుతుంది" అన్నారు. మూడూ కలిపితే స్టాక్ ఐదున్నర రోజులు, అంటే శనివారం మధ్యాహ్నం దాకా. ఆర్డర్ మంగళవారం లోపు వెళ్లాలి. గడువు ఎవరూ నోటితో చెప్పలేదు, లెక్కలో ఉంది. "వెంటనే" అని రాసి వదిలేశాను. వెంటనే అంటే ఎప్పుడో ఎవరు తేలుస్తారు?

అప్పటినుంచి పేజీకి కుడివైపు మూడో వంతు గీత కొట్టి వదిలేయడం మొదలుపెట్టాను. ఎడమవైపు మాటలు, పొడిపొడిగా. "-ఆలి", "-ద్దాం" వినపడగానే కుడివైపు ఆ పని రాసి, పక్కన ఒక ఖాళీ సున్నా. పేరు తెలిస్తే సున్నాలో పేరు, తెలియకపోతే ఖాళీగానే ఉంచుతాను. ముప్పావుగంట మీటింగుకు నాలుగైదు పనులకు మించి రావు. పది వచ్చాయంటే మనం మాటలను కూడా పనులుగా రాస్తున్నామని అర్థం.

ఖాళీ సున్నాలను అందరూ లేవకముందే అడగాలి. ఇంటర్న్‌కు ఇక్కడే టెన్షన్. "ఇది ఎవరు చేస్తారు సార్?" అని గాల్లోకి అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే ఒకరి వైపు తిరిగి, అవునో కాదో చెప్పగలిగేలా అడుగుతాను: "సార్, బ్యాగుల ఇండెంట్ ఈ రోజే మీ దగ్గర నుంచి వెళ్తుందా?" తప్పు మనిషిని అడిగినా నష్టం లేదు, "నాది కాదు నాయనా, ఆయన్ని అడుగు" అని వాళ్లే అసలు మనిషిని చూపిస్తారు.

తర్వాత అరగంటలో వాట్సాప్ గ్రూపులో మెసేజ్. ఆ సోమవారం నేను పెట్టాల్సింది ఇలా ఉండాలి:

"1. బ్యాగుల ఇండెంట్: స్టోర్ సార్, సోమవారం మధ్యాహ్నం 12 లోపు.
2. ఆర్డర్ పెట్టి, పర్చేజ్ ఆర్డర్ కాపీ ఈ గ్రూపులో: పర్చేజ్ సార్, మంగళవారం సాయంత్రం 5 లోపు. (స్టాక్ శనివారం మధ్యాహ్నం దాకే.)
తప్పుంటే చెప్పండి సార్."

ఒక పనిని రెండుగా విడగొట్టాను చూడండి, చేసేవాళ్లు ఇద్దరు కాబట్టి. ఇక "ఆర్డర్ చూడటం" అని రాస్తే ఫోన్ చేసినా చూసినట్టే. పర్చేజ్ ఆర్డర్ కాపీ అయితే కంటికి కనిపిస్తుంది, ఉందో లేదో ఎవరికైనా తెలుస్తుంది. "రేపటికి" అని కూడా రాయకండి, మర్నాడు చదివేవాళ్లకు అది ఎల్లుండి అవుతుంది.

మీటింగుకు రాని మనిషి మీద పని పడితే మాత్రం గ్రూపులో పెట్టి ఊరుకోవద్దు. వాళ్ల టేబుల్ దగ్గరికి వెళ్లి చెప్పి, "సరే" అన్నాకే సున్నాలో పేరు రాయండి. మా దగ్గర డిస్పాచ్ సార్ ఫోన్ చూసేదే సాయంత్రం టీ అప్పుడు.