రూట్ కెనాల్‌లో పంటికి రబ్బర్ డ్యామ్ ఎందుకు, ఎలా?

ప్రశ్న: రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే రబ్బరు షీటు బిగిస్తామన్నారు. ఊపిరాడదేమోనని టెన్షన్‌గా ఉంది. అది నిజంగా అవసరమా? ఎలా పెడతారు?

జవాబు: డెంటిస్టుగా చెబుతున్నాను. ముక్కుతో గాలి పీల్చుకోగలిగితే ఊపిరికి ఇబ్బంది ఉండదు. ముక్కు దిబ్బడ ఉంటే ముందే చెప్పండి. రబ్బరు లేటెక్స్ పడకపోయినా చెప్పండి, లేటెక్స్ లేని షీట్లు ఉంటాయి.

ఇక అవసరం సంగతి. పంటి వేరు లోపల సూక్ష్మజీవులను చంపడానికి సోడియం హైపోక్లోరైట్ వాడతాం. బట్టల బ్లీచ్‌లో ఉండే రసాయనమే అది. కుళ్లిన నరాన్ని కరిగిస్తుంది, నోటి చర్మానికి తగిలితే కాలుస్తుంది. వేరు లోపల గీకి శుభ్రం చేయడానికి మేం వాడే ఫైళ్లు సూదుల్లా సన్నగా ఉంటాయి. చేయి జారితే గొంతులోకి, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతాయి. వీటన్నిటికంటే నేను ఎక్కువగా భయపడేది ఉమ్మికి. శుభ్రం చేసిన వేరులోకి ఉమ్మి చేరితే దాంతోపాటు సూక్ష్మజీవులూ మళ్లీ లోపలికి పోతాయి. పంటి రంగు ఫిల్లింగ్‌కీ తడి పడదు, సరిగా అతుక్కోదు.

ఈమధ్య చూసిన ఒక కేసు చెబుతాను. కింది దవడ పన్ను, నాలుక వైపు గోడ చిగురు దాకా విరిగిపోయింది. షీటును పట్టి ఉంచే లోహపు క్లాంప్ నాలుగు మొనలూ పంటి మెడకు ఆనాలి. ఇక్కడ రెండింటికి ఆధారమే లేదు, వేలితో నొక్కితే క్లాంప్ ఊగుతోంది. అందుకే మత్తు ఇచ్చి, పుచ్చు తీసేసి, నరం గదిని తెరవకముందే విరిగిన గోడను గ్లాస్ అయొనోమర్ అనే పంటి సిమెంటుతో కట్టాను. అది కాస్త తడిని ఓర్చుకుంటుంది. గట్టిపడ్డాక క్లాంప్ కదలకుండా కూర్చుంది. విరిగినా జారినా బయటికి లాగడానికి వీలుగా దానికి ముందే ఫ్లాస్ దారం కట్టి ఉంచాను.

షీటుకు పన్ను పట్టేంత రంధ్రం చేసి, క్లాంప్ రెక్కలకు తగిలించి, రెండూ కలిపి పంటి మీద పెడతాం. తర్వాత షీటును రెక్కల కిందికి దించి, పళ్ల సందుల్లో ఫ్లాస్‌తో నెట్టి, ఫ్రేముకు సాగదీసి తగిలిస్తాం. పంటి మెడను గాలితో ఆరబెట్టి, రంధ్రం అంచును లోపలికి మడుస్తాం. మడవకపోతే అక్కడి నుంచే ఉమ్మి ఊరుతుంది. ఈ పంటికి అన్నీ చేశాక కూడా వెనక మూల చిన్న తడి బొట్టు కనిపించింది. అక్కడ లైటుతో గట్టిపడే సీలింగ్ జెల్ పూశాకే నరం గది తెరిచాను. పని జరుగుతుండగా నోట్లో క్లోరిన్ రుచి తగిలితే ఎక్కడో కారుతోందని అర్థం, వెంటనే చేయెత్తండి.

బాగా వంగిన పంటికి మాత్రం కొన్నిసార్లు షీటు లేకుండానే తెరవడం మొదలుపెడతాను. పక్క పళ్లు కనిపించకపోతే వేరు ఏ దిశలో ఉందో పొరపడే ప్రమాదం ఉంటుంది. దారి దొరికాక, ఫైలు పెట్టకముందే డ్యామ్ వేసేస్తాను.

మత్తు దిగాక క్లాంప్ నొక్కిన చోట చిగురు ఒకటి రెండు రోజులు నొప్పిగా ఉండొచ్చు.