పాత పీసీలో ప్రాక్స్‌మాక్స్: ముందు కరెంటు మీటరు చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. సర్వర్ అడ్మిన్ ఉద్యోగం కోసం ప్రాక్టీస్ చేస్తున్నాను. మూడు క్లౌడ్ మెషిన్లకు నెలకు రూ.2,800 కడుతున్నా. ఇంట్లో నాలుగో తరం ఐ5 పీసీ ఖాళీగా ఉంది. 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే 55 వాట్లు లాగుతోంది. ఒకే పీసీలో చాలా వర్చువల్ మెషిన్లు నడిపించే ప్రాక్స్‌మాక్స్‌ను దాంట్లో వేసి రోజంతా ఆన్‌లో ఉంచనా, లేక రూ.45,000కు వస్తున్న సెకండ్‌హ్యాండ్ ర్యాక్ సర్వర్‌ను ఈఎంఐలో తీసుకోనా? మాకు గృహజ్యోతి ఉంది, నెలకు 175 యూనిట్ల దాకా కాలుతుంది.

జవాబు: సర్వర్ వద్దండీ. పాత పీసీ చాలు, కానీ రోజంతా ఆన్‌లో ఉంచకండి.

మీ లెక్కంతా గృహజ్యోతి దగ్గరే తేలుతుంది. 55 వాట్ల మెషిన్ 24 గంటలు నడిస్తే రోజుకు 1.32 యూనిట్లు, నెలకు దాదాపు 40. మీ 175కు అది కలిస్తే 215. ఆ పథకం కింద జీరో బిల్లు 200 యూనిట్ల వరకే. ఆ నెల అదనపు 15 యూనిట్లకే కడితే సరిపోదు, మొత్తం 215కూ బిల్లు వస్తుంది. అంటే వెయ్యి రూపాయలు దాటుతుంది. ఇక రెండు ప్రాసెసర్ల పాత ర్యాక్ సర్వర్ పని లేకుండా ఉన్నా 100 వాట్లు దాటడం మామూలే. దాని ఈఎంఐ తీరిపోయినా కరెంటు ఖర్చు తీరదు.

అదే పీసీని రోజుకు నాలుగు గంటలు, చదువుకునేటప్పుడు మాత్రమే నడిపితే నెలకు 6.6 యూనిట్లు. మొత్తం 182 లోపే. మీరు నడిపేది ప్రాక్టీస్ మెషిన్లు కాబట్టి రాత్రంతా మేలుకుని ఉండాల్సిన పని వాటికి లేదు. ప్రతి వర్చువల్ మెషిన్, అంటే వీఎం, ఆప్షన్లలో `Start at boot` ఆన్ చేసి పెట్టుకోండి. పీసీ ఆన్ చేయగానే అవే లేస్తాయి. పని అయ్యాక స్విచ్ ఆఫ్ చేయకుండా, ప్రాక్స్‌మాక్స్ షెల్‌లో ఈ కమాండ్ ఇవ్వండి:

```
poweroff
```

ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక సంగతి. ఇన్‌స్టాలర్ మీరు ఎంచుకున్న డిస్క్‌ను పూర్తిగా తుడిచేస్తుంది. అమ్మానాన్నల ఫోటోలు, ఆధార్ స్కాన్లు ఆ హార్డ్‌డిస్క్‌లో ఉంటే ముందే వేరే చోటికి కాపీ చేయండి. బయోస్‌లో వీటీ-ఎక్స్ అనే వర్చువలైజేషన్ సెట్టింగ్ ఆన్ చేయండి, లేకపోతే వీఎంలు మొదలే కావు. ఫైల్‌సిస్టమ్ అడిగినప్పుడు ఎక్స్‌టీ4 చాలు. జడ్‌ఎఫ్‌ఎస్ మంచిదే, కానీ అది క్యాష్ కోసం ర్యామ్ తీసుకుంటుంది. మీ 8 జీబీలో దానికి చోటు లేదు.

తర్వాత అప్‌డేట్ నొక్కగానే `401 Unauthorized` అని ఎర్రర్ వస్తుంది. టెన్షన్ పడి సబ్‌స్క్రిప్షన్ కొనకండి. ప్రాక్స్‌మాక్స్ ఉచితమే. కంపెనీల కోసం ఉన్న రిపాజిటరీ మొదట్నుంచీ ఆన్‌లో ఉండటం వల్లే ఆ ఎర్రర్. `Updates` కింద `Repositories`కు వెళ్లి, enterprise అని ఉన్నవన్నీ డిసేబుల్ చేసి, `No-Subscription` యాడ్ చేయండి. లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక బాక్స్ వస్తూనే ఉంటుంది. `OK` కొట్టి ముందుకెళ్లండి.

డబ్బు పెట్టాల్సి వస్తే ఎస్‌ఎస్‌డీకే ముందు పెట్టండి. మూడు వీఎంలు ఒకే హార్డ్‌డిస్క్ మీద పడితే మెషిన్ నత్తనడక నడుస్తుంది. చాలామంది అది ప్రాసెసర్ లోపం అనుకుని కొత్త పీసీ కొనేస్తారు. నోడ్ `Summary` గ్రాఫ్‌లో సీపీయూ వాడకం తక్కువగా ఉండి, `IO delay` పైకి లేస్తుంటే ఇబ్బంది డిస్క్‌దే. మీ పీసీకి సాటా రకం ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది, ఖరీదైనది అక్కర్లేదు.

ర్యామ్ ఇప్పుడే వద్దు. ప్రాక్స్‌మాక్స్‌కు 2 జీబీ వదిలేయండి. ఒక వీఎంకు 2 జీబీ, మరోదానికి 1.5 జీబీ ఇచ్చి, మూడోదాన్ని వీఎం కన్నా తేలికైన ఎల్‌ఎక్స్‌సీ కంటెయినర్‌గా పెడితే 512 ఎంబీతో లైనక్స్ నడుస్తుంది. అంతా కలిపి 6 జీబీ. ఉన్నదానికి మించి పంచితే ఏదో ఒక వీఎం చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. అప్పుడు ఇలా చూడండి:

```
journalctl -k | grep -i oom
```

అక్కడ `Out of memory` అని కనిపిస్తే, ర్యామ్ కొనాల్సిన రోజు వచ్చినట్టు. మీ మెషిన్‌కు డీడీఆర్3 కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది.

క్లౌడ్ మెషిన్లను ఆపేస్తే సరిపోదు. ఆపినా డిస్క్‌లకు, స్నాప్‌షాట్లకు, తీసి పెట్టుకున్న ఐపీ అడ్రస్‌లకు చాలా చోట్ల ఛార్జీ పడుతూనే ఉంటుంది. మీ పనిని ఇంటికి తెచ్చుకున్నాక అవన్నీ డిలీట్ చేయండి. తర్వాతి నెల బిల్లు సున్నా వచ్చాకే కార్డు తీసేయండి. మొదటి ఒకటి రెండు నెలలు మిగిలే రూ.2,800లోంచే ఎస్‌ఎస్‌డీ వచ్చేస్తుంది, ఈఎంఐ అవసరమే రాదు.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం జాగ్రత్త. కూలర్ నడిస్తే ఇంటి వాడకమే 200కు చేరవచ్చు. బిల్లు కొట్టిన 20 రోజులకు మీటర్‌లో కేడబ్ల్యూహెచ్ అంకె చూసి, బిల్లు మీది రీడింగ్ తీసేయండి. 130 దాటితే మిగతా పది రోజులూ ప్రాక్స్‌మాక్స్ పీసీని రోజుకు గంట రెండు గంటలకే పరిమితం చేసుకోండి, కూలర్ వాడకం కూడా కాస్త తగ్గించండి.