లావెండర్ అని రాసి ఉంటే సరిపోదు

సునీతా,

నువ్వు పంపిన మూడు సువాసన నూనెల సీసాల ఫోటోలు, లావెండర్‌కు అమ్మినవాళ్లిచ్చిన జీసీ రిపోర్టు, అంటే నూనెలో ఏది ఎంత ఉందో చెప్పే పరీక్ష కాగితం, చూశాను. వచ్చే వారం నుంచి కర్నూలులో ఆ లావెండర్ కలిపిన పసిపిల్లల మసాజ్ నూనె అమ్ముతానన్నావు. ఆ ఒక్కటీ ప్రస్తుతానికి ఆపు తల్లీ. ఎందుకో చెబుతాను.

రిపోర్టులో పైన ఉన్న, లావెండర్ వాసననిచ్చే లినలూల్, లినలైల్ అసిటేట్ చూసి నువ్వు సంతోషపడ్డావు. అవి రెండూ బాగానే ఉన్నాయి. కింద చూడు, కర్పూరం 7 శాతం, సినియోల్ 6 శాతం. సినియోల్ అంటే మన నీలగిరి తైలంలో ఉండే ఘాటు. అసలు లావెండర్‌లో కర్పూరం మామూలుగా 1 శాతం లోపే ఉంటుంది. కాబట్టి నీ దగ్గరున్నది లావెండర్ కాదు, లావెండిన్. అసలు లావెండర్‌కూ, కర్పూరం ఎక్కువుండే స్పైక్ లావెండర్‌కూ పుట్టిన సంకరం అది. విత్తనం కట్టదు, కొమ్మలు నాటే పెంచుతారు. నూనె మాత్రం బాగా దిగుతుంది, అందుకే చవక. సీసా మీద లాటిన్ పేరు అంగుస్టిఫోలియా అని ఉంటే లావెండర్, ఇంటర్మీడియా అనో హైబ్రిడా అనో ఉంటే లావెండిన్. నీ సీసా మీద ఉత్త 'లావెండర్' అని మాత్రమే ఉంది. కొనేటప్పుడు అక్కడే అడగాల్సింది.

అది దొంగ సరుకేమీ కాదు. సబ్బుల్లో నేను ఎన్నో ఏళ్లుగా లావెండిన్నే వాడుతున్నాను, వాసన నిలుస్తుంది. పిల్లల నూనె దగ్గరే నా అభ్యంతరం. లెక్క వేసి చూడు. 100 మి.లీ. నువ్వుల నూనెలో 2 మి.లీ. కలిపితే దాంట్లో కర్పూరం 0.14 మి.లీ. ఒంటికి రాసేదానిలో అదేం పెద్ద మోతాదు కాదు, ఒప్పుకుంటాను. కానీ పసిబిడ్డ చేతులు నోట్లోకే పోతాయి. కర్పూరం కడుపులోకి ఎక్కువగా పోతే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి. పైగా నీ దగ్గర 'లావెండర్' కొన్నవాళ్లు దేంట్లోనూ కలపని చిక్కని నూనె కూడా అడుగుతారు, దిండు మీద చల్లుతారు, కాలిన చోట రాస్తారు. పసిబిడ్డ కోసం చేసేదాంట్లో కర్పూరానికి ఏం పని?

థైమ్ నూనెకైతే లాటిన్ పేరు కూడా చాలదు, ఆ సంగతి నా ఒంటి మీదే తేలింది. ఒకసారి మోకాళ్ల నూనెలో 3 శాతం థైమ్ కలిపాను. అంతకు ముందు తెచ్చిన సీసాతో అంతే కలిపితే ఏమీ కాలేదు. కొత్త సీసాతో చేసింది రాసుకున్న అరగంటకే చర్మం ఎర్రగా కంది, రెండు రోజులు మంట. రెండు సీసాల మీదా అదే పేరు, థైమస్ వల్గారిస్. తర్వాత రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే, పాతదాంట్లో లినలూల్ ఎక్కువ, కొత్తదాంట్లో సగానికి సగం థైమాల్. థైమాల్ అంటే వాము పువ్వే. అమృతధారలో వేసేదే కదా, దాని మంట నీకు తెలుసు. సగం థైమాల్ ఉన్న నూనె 3 శాతం కలిపితే, రాసేదాంట్లో థైమాల్ 1.5 శాతం. అది 1 శాతం దాటకూడదంటారు.

మొక్క ఒకటే, ఆకు ఒకటే, లోపల తయారుచేసే నూనె వేరు. దాన్నే కీమోటైప్ అంటారు. అది మొక్క వంశంలోనే ఉంటుంది. దక్షిణ ఫ్రాన్సులో చలికాలం గడ్డకట్టే లోయ అడుగున ఒక రకం థైమ్, పక్కనే వెచ్చటి రాతినేలలో ఘాటైన థైమాల్ రకం కనిపిస్తాయి. విత్తనంతో పెంచితే పిల్లలు తల్లిలాగే ఉంటాయన్న గ్యారంటీ లేదు, కొమ్మతో పెంచితే ఉంటుంది. వాసన చూసి థైమాల్‌ను కొంతవరకు పట్టొచ్చు, వాము గుర్తొస్తుంది. కానీ ముక్కును నమ్మి మోతాదు వెయ్యొద్దు.

ఇక జుట్టు నూనెకు తెచ్చిన రోజ్‌మేరీ. దానికి రిపోర్టే లేదు. స్పెయిన్ నుంచి వచ్చేదాంట్లో కర్పూరం ఎక్కువగా ఉంటుంది. మొరాకో, ట్యునీషియా సరుకులో సినియోల్ ఎక్కువ, అందులోనూ ఎంతో కొంత కర్పూరం ఉంటుంది. వెర్బెనోన్ అనే పదార్థం ఎక్కువుండే రకం వేరే, అది ఖరీదు. పెద్దవాళ్ల తలనూనెకు సినియోల్ రకం 1 శాతం వేస్తే చాలు. కానీ ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు వాడొద్దని లేబుల్ మీద రాయి. పసిపిల్లల ముఖం దగ్గరికి ఏ రకమూ రానివ్వొద్దు, సినియోల్ ఘాటుకు వాళ్ల ఊపిరి ఇబ్బంది పడుతుంది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేసి నీ సీసా మీదున్న బ్యాచ్ నంబరు చెప్పి, సరిగ్గా ఆ బ్యాచ్ రిపోర్టే అడుగు. 'మా నూనెలన్నీ ఇలాగే ఉంటాయి' అని పాతదేదో పంపితే ఆ సీసా వాపసు ఇచ్చెయ్. పిల్లల నూనెకు సువాసన లేకుండా ఉత్త నువ్వుల నూనె అమ్మినా కొంటారు, మీ అమ్మ నిన్ను పెంచింది దాంతోనే. లావెండిన్ సీసా పారెయ్యకు, సంక్రాంతికి వచ్చినప్పుడు కడపకు పట్టుకురా. సబ్బు పోసుకుందాం.

మీ పెద్దమ్మ