మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి సుజాతకు,

మన కాలువ రైతులందరికీ వెళ్లే సందేశాలను సరిదిద్దే పని నీకు అప్పగించారని అమ్మ చెప్పగానే సంతోషం కలిగింది, వెంటనే గుండె దడ కూడా పుట్టింది. నీ వెటకారం నా నుంచి వచ్చిందే కదా.

నీ చిత్తుప్రతిలో అక్షరదోషాలు లేవు, తేదీలు సరిపోయాయి. మూడు చోట్ల నవ్వొచ్చింది, వాటి గురించే ఈ ఉత్తరం.

'నిరుడు వంతుల పట్టిక రాసి నా వంతే మరిచిపోయాను, మీరు రెండుసార్లు చూసుకోండి' అన్నది ఉంచు. ఆ నవ్వు నీ మీదే పడుతుంది, పైగా తేదీ చూసుకోమన్న మాటకు బలమిస్తుంది.

'లష్కరు గారి నిద్ర తీరాక తూము తెరుచుకుంటుంది' అన్నదాన్ని మెత్తబరచు. అతను కూడా చదువుతాడు, అందరి ముందూ నీకు బదులు చెప్పలేడు. అదీగాక, ఏ వేళకు తెరుస్తారో అందులో లేనే లేదు. 'తూము తెల్లవారుజామున 5 గంటలకు తెరుస్తారు, అప్పటికి మనలో సగం మందిమి నిద్రలోనే ఉంటాం' అని రాస్తే నవ్వూ మిగులుతుంది, వేళా తెలుస్తుంది.

'రాత్రంతా నీళ్లు పెట్టుకోండి, పెన్న మన తాతగారిదే కదా!' అన్నది మాత్రం కొట్టెయ్యి. పక్కన నవ్వు బొమ్మ పెట్టానంటావేమో, చదువురాని వారికి మరొకరు చదివి వినిపించేటప్పుడు బొమ్మ పలకదు.

నేను సంఘానికి నోటీసులు రాసే రోజుల్లో, పైతూముల వారి మీద కోపంతో, 'తూములు రాత్రీపగలూ తెరిచే ఉంచండి, కిందివారికి నీళ్లెందుకు!' అని రాసి రచ్చబండ దగ్గర అంటించి, నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. టీకొట్టు పిల్లవాడు దాన్ని పాఠం అప్పజెప్పినట్టు చదివి వినిపించాడు. కొందరు నిజమనుకున్నారు, ఎగతాళి అని తెలిసినవారు సైతం, సంఘమే రాసింది కదా అని తూములు దించలేదు. తప్పు చేసేవాడికి వెటకారం అలా అనుమతి పత్రమైపోతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. పైరు పొట్టమీద ఉంది. మూడో నాడు చివరి మడి పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చి, "ఏందబ్బయా, నాకు నీళ్లెందుకని రాసినావంట?" అని అడిగింది. అది ఎగతాళి అని ఆమెకు ఎలా విడమరిచి చెప్పను? ఆ ఏడు ఆమె మడిలో సగం తాలే. నేను అలా రాయకపోయినా నీళ్లు తగ్గేవేమో కానీ, ఆ మాట పట్టుకుని నేను ఏనాడూ తప్పించుకోలేకపోయాను.

అందుకే, ఏదైనా చేయమనో మానమనో చెప్పే వాక్యంలో తలకిందుల మాట ఉంచకు. అనుమానం వస్తే, సంగతి తెలియని మనిషి చేత ఏ రాగమూ లేకుండా చదివించి, ఏం చేయమని ఉందో అడుగు. నీవు అనుకున్నదానికి విరుద్ధంగా చెబితే ఆ వాక్యాన్ని తీసేసి, 'మీ వంతు ముగియగానే తూము దించండి' అని సూటిగా రాయి.

కోప్పడ్డానని అలగకు తల్లీ. దిద్దిన ప్రతిని రేపటిలోగా పంపు. ఆ పెన్న మాటను మాత్రం విడిగా నాకు రాసి పంపు, అత్తయ్యకు చదివి వినిపించాలి.

ఆశీస్సులతో,
మామయ్య