డెబ్బై టన్నుల విమానాన్ని మోసేది ఏది?

అంత బరువున్న విమానం గాల్లో పడిపోకుండా ఎలా ఉంటుంది? ఇంజన్లే ఎత్తిపట్టుకుంటాయా?

కాదు, మోసేది రెక్కలే. 70 టన్నులతో ఎగురుతున్న ఎయిర్‌బస్ ఏ320నే తీసుకోండి. ముందంచు కాస్త పైకి ఉన్న రెక్క వేగంగా దూసుకెళ్తూ గాలిని కిందికి మళ్లిస్తుంది. దాంతో రెక్క పైన పీడనం తగ్గి, కింద ఎక్కువగా ఉంటుంది. ఈ తేడా వల్ల పుట్టే, పైకెత్తే బలమే లిఫ్ట్. రెక్కల వైశాల్యం సుమారు 122 చదరపు మీటర్లు, కాబట్టి ఒక్కో చదరపు మీటరు 570 కిలోలు మోస్తే చాలు.

గాలి వెనక్కి లాగే డ్రాగ్ మాత్రం దాదాపు 4 టన్నులే. ఇంజన్లు ముందుకు నెట్టే బలం, అంటే థ్రస్ట్, సరితూగాల్సింది దానికే, 70 టన్నులకు కాదు! అందుకే ఇంజన్లు ఆగినా విమానం రాయిలా పడదు, ఎత్తు తగ్గుతూ చాలా దూరం జారుతూ వెళ్తుంది.

అసలు ప్రమాదం వేరే. వేగం తగ్గేకొద్దీ లిఫ్ట్ కోసం ముక్కు ఇంకా పైకెత్తాలి. రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే, గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకోలేక విడిపోతుంది, లిఫ్ట్ పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. అప్పుడు పైలట్ ముందు చేయాల్సింది ముక్కు కిందికి దించడం.