సీసీలో పై అధికారి ఉన్నప్పుడు మాట మార్చాలి

అమ్మలూ,

నువ్వు ఫార్వర్డ్ చేసిన మెయిళ్లన్నీ మొదటి నుంచి చదివాను. నువ్వు రాసినదాంట్లో తప్పుడు మాట ఒక్కటీ లేదు. అమ్మకాల లెక్కల కోసం రమేష్ గారిని రెండుసార్లు అడిగావు, అవి రాలేదు, శుక్రవారానికి నీ రిపోర్ట్ వెళ్లాలి. అన్నీ నిజాలే రాస్తే ఆయనకు అంత కోపం ఎందుకొచ్చిందని అడిగావు. మూడోసారి రాసినప్పుడు వాళ్ల మేనేజర్‌ను సీసీలో పెట్టావు. వాక్యాలు మాత్రం రమేష్ గారొక్కరికే రాస్తున్నట్టు ఉంచేశావు. గొడవ అక్కడ మొదలైంది.

"ఇప్పటికే రెండుసార్లు అడిగాను, ఇంకా పంపలేదు, దయచేసి వెంటనే పంపండి" అని ఇద్దరి మధ్య అనుకుంటే అది గుర్తుచేయడం. అదే మాట పై అధికారి చూస్తుండగా అంటే ఫిర్యాదు. అక్కడ "దయచేసి" కూడా ఎత్తిపొడుపులా వినిపిస్తుంది. అందుకే ఆయన లెక్కల ఊసెత్తకుండా, నువ్విచ్చిన ఫార్మాటే సరిగా లేదని రిప్లై ఆల్ కొట్టారు. ఆ జవాబు నీకోసం రాసింది కాదు, వాళ్ల మేనేజర్ చదవాలని రాసింది.

ఇలాంటప్పుడు సీసీ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్ చేయి. ఎత్తకపోతే ఆయనొక్కరికే రాయి: "బుధవారం మధ్యాహ్నానికి లెక్కలు అందకపోతే శుక్రవారం రిపోర్ట్ ఆగిపోతుంది. అప్పుడు మీ మేనేజర్ గారికి కూడా తెలియజేయాల్సి వస్తుంది. ఏదైనా ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి, కలిసి చూద్దాం." సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోయినా, తర్వాత సీసీలో ఆ పేరు చూసి ఆయన ఉలిక్కిపడరు. ఇంకో మాట. వాళ్ల మేనేజర్‌ను కలపాలంటే ముందు మీ మేనేజర్‌కు చెప్పు. వాళ్లిద్దరూ ఒక్క నిమిషం మాట్లాడుకుంటే నీకు ఆ మెయిల్ రాసే అవసరమే ఉండకపోవచ్చు.

అయినా రాయాల్సి వచ్చిందనుకో. పాత మెయిల్ మీదే రిప్లై కొట్టి కొత్త పేరు చేర్చకు. కింద ఉన్న తోక మొత్తం ఆ కొత్త మనిషికి వెళ్తుంది. నువ్వు పంపినవాటిలో మొదటి వారం మెయిల్ ఒకసారి చూడు. "మా సార్ రోజుకో ఫార్మాట్ అడుగుతున్నారండీ, అందుకే లేటు" అని రమేష్ గారు నీతో చనువుగా రాశారు. సీసీ పుణ్యమా అని ఆ సార్ కూడా దాన్ని చదివి ఉంటారు. రమేష్ గారి కోపంలో సగం దానివల్లేనని నా అనుమానం. కాబట్టి కొత్త మెయిల్ మొదలుపెట్టి, అవసరమైన విషయాలు మాత్రమే అందులో రాయి. నేనైతే ఇలా రాసేవాణ్ణి:

"రమేష్ గారూ, సెప్టెంబర్ అమ్మకాల రిపోర్ట్ ఈ శుక్రవారం సాయంత్రం 5 గంటలకు వెళ్లాలి. అందులో మీ టీమ్ ఇచ్చే లెక్కలు మాత్రమే ఇంకా కలపాల్సి ఉంది. వాటి కోసం 3వ తేదీన, 7వ తేదీన రాశాను. గురువారం మధ్యాహ్నం 12 లోపు అందితే సరిపోతుంది. ఫార్మాట్‌లో కానీ డేటాలో కానీ ఇబ్బంది ఉంటే చెప్పండి, ఉన్నది ఉన్నట్టు పంపినా నేను సర్దుకుంటాను. సార్, గడువు దగ్గర పడింది కాబట్టి మీకు తెలియాలని సీసీలో పెట్టాను. ప్రస్తుతం మీరు చేయాల్సింది ఏమీ లేదు."

నీ మెయిల్‌కూ దీనికీ తేడా చూడు. మొదటి రెండు వాక్యాలు రమేష్ గారికి అక్కర్లేదు, ఆయనకు అవన్నీ తెలుసు. ముందు మెయిళ్లు చదవని మేనేజర్ కోసం అవి. "రెండుసార్లు అడిగాను" తీసేసి తేదీలు పెట్టాను. తేదీలు చూస్తే ఎన్నిసార్లు అడిగావో మేనేజర్‌కే అర్థమవుతుంది, నువ్వు వేలెత్తి చూపక్కర్లేదు. "మీరు పంపలేదు" అనే మాట లేదు, "ఇంకా కలపాల్సి ఉంది" అని ఉంది. "వెంటనే" బదులు రోజు, గంట ఉన్నాయి. ఆలస్యానికి కారణం చెప్పుకునే దారి కూడా వదిలాను, అది రమేష్ గారి పరువు కాపాడుతుంది.

చివరి రెండు వాక్యాలను ఎప్పుడూ మరిచిపోకు. సీసీలో ఉన్నవాళ్లకు తమను ఎందుకు కలిపారో తెలియాలి. వాళ్ల చేత ఏదైనా చేయించుకోవాలంటే సీసీలో పెట్టి ఊరుకుంటే కుదరదు. కొందరు పెద్ద అధికారులు తాము సీసీలో ఉన్న మెయిళ్లు వేరే ఫోల్డర్‌లోకి పోయేలా పెట్టుకుంటారు, వారానికోసారి చూసినా గొప్పే. నిర్ణయం కావాలంటే పేరు 'టు'లో పెట్టి, ఆయన పేరుతో పిలిచి, ఏం కావాలో ఒక్క వాక్యంలో అడుగు.

సంబోధన మాత్రం మార్చకు. రోజూ "రమేష్ గారూ" అని రాసేదానివి, మేనేజర్ కనపడగానే "గౌరవనీయులైన శ్రీ రమేష్ గారికి" అని మొదలుపెడితే అందరికీ తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆయన ఫార్మాట్ గురించి రాసిన జవాబు సంగతి. దానికి వాక్యానికి వాక్యం బదులివ్వాలని నీకు అనిపిస్తోంది కదూ? వద్దు. అందరికీ ఒక్కసారే రాయి: "ఫార్మాట్ సరిచేసి జత చేశాను. గురువారం మధ్యాహ్నం 12 లోపు లెక్కలు అందితే సరిపోతుంది." ఫార్మాట్‌లో తప్పు ఎవరిదో తేల్చుకోవాలనుంటే ఆయనతో విడిగా మాట్లాడు.

మీ మేనేజర్‌ను బీసీసీలో పెట్టనా అని అడిగావు. రహస్యంగా ఎవర్నీ పెట్టకు. బీసీసీలో ఉన్న మనిషి ఫోన్‌లో చూసి, తను అందులో ఉన్న సంగతి గమనించకుండా రిప్లై ఆల్ నొక్కారంటే, ఆ జవాబు టు, సీసీల్లో ఉన్న అందరికీ పోతుంది. నువ్వు చాటుగా చూపించావని అప్పుడు రమేష్ గారికి తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆయన నీకు ఏదీ మనసు విప్పి రాయరు. మేనేజర్‌కు తెలియాలంటే, పంపిన మెయిల్‌ను పైన ఒక ముక్క రాసి విడిగా ఫార్వర్డ్ చేయి. ఆయన రిప్లై ఆల్ కొట్టినా నీకే వస్తుంది.

బీసీసీకి మంచి వాడకం ఒకటుంది, పెద్దవాళ్లను సంభాషణ నుంచి మర్యాదగా తప్పించడం. లెక్కలు అందాక, ఆ మేనేజర్‌ను బీసీసీలోకి మార్చి, ఆ సంగతి మెయిల్‌లోనే చెప్పేయాలి. జవాబులు టు, సీసీల్లో ఉన్నవాళ్లకే పోతాయి కాబట్టి, ఆ తర్వాత మీరిద్దరూ ఎన్ని రాసుకున్నా ఆయన ఇన్‌బాక్స్ నిండదు.

పంపిన మెయిల్ వెనక్కి లాగొచ్చనే ధీమా పెట్టుకోకు. జీమెయిల్‌లో అన్‌డూ గడువు సెట్టింగ్స్‌లో పెంచుకున్నా 30 సెకన్లే. అవుట్‌లుక్ రీకాల్ మీ సంస్థ బయటివాళ్ల దగ్గర పనిచేయదు. ఇలాంటి మెయిల్‌కు అడ్రస్‌లు చివర్లో నింపు, అప్పటిదాకా వేలు జారినా ఎక్కడికీ పోదు.

గురువారం లెక్కలు రాగానే ఇది పంపు: "రమేష్ గారూ, లెక్కలు అందాయి, రిపోర్ట్‌లో కలిపాను. కొత్త ఫార్మాట్‌లోకి ఇంత త్వరగా మార్చి ఇచ్చినందుకు థాంక్స్. సార్, పని పూర్తయింది కాబట్టి మిమ్మల్ని బీసీసీలోకి మార్చాను." ఫిర్యాదులా మొదలైన మెయిల్ చూసిన మేనేజర్ ఈ థాంక్స్ కూడా చూడాలి. తన మేనేజర్ అది చూడాలని కోరుకునే హక్కు రమేష్ గారికి ఉంది.

మీ బాబాయి