బయాప్సీ చేయించుకున్నాక వరుస సెలవులొస్తే

ప్రశ్న: శుక్రవారం నా రొమ్ములో గడ్డకి బయాప్సీ చేశారు. శని, ఆది, సోమ సెలవులు. రిపోర్టు మంగళవారమో బుధవారమో అన్నారు. అంత చిన్న ముక్కకి ఇన్ని రోజులెందుకు? ఏదో ఉంది కాబట్టే లేటు చేస్తున్నారా?

జవాబు: లేదండీ, దాచిపెట్టడానికి వాళ్ల దగ్గర కూడా ఇంకా ఏమీ ఉండదు. నాకూ ఇలాగే రెండో శనివారం, ఆదివారం, సోమవారం వినాయక చవితి కలిసొచ్చాయి. కావలి దగ్గర ఒక మండల పరిషత్ స్కూల్లో టీచర్‌ని, అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. నెల్లూరు పొగతోటలో స్కాన్ తీసి, గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉన్నా ఒక పక్క అంచు నునుపుగా లేదని బైరాడ్స్ 4ఎ అని రాసిచ్చారు. ఆ నాలుగు చూడగానే మా అమ్మ నాలుగో స్టేజీ అనుకుని బస్సులోనే ఏడ్చేసింది. అది స్టేజీ కాదు, స్కాన్ చూసిన డాక్టర్ అనుమానానికి వేసే గ్రేడు. 4ఎ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు నుంచి పది లోపు. అయినా ముక్క తీసి చూడకుండా వదిలేయకూడదని అర్థం.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్‌లో చూసుకుంటూ సూది గన్ను పెట్టారు. ‘టక్’ మని స్టాప్లర్ కొట్టినట్టు చప్పుడొస్తుందే తప్ప పెద్ద నొప్పి లేదు. తీసిన ముక్కలు తెల్లటి దారప్పోగుల్లా ఉన్నాయి. ఒకటి ఫార్మలిన్ సీసాలో పైనే తేలుతుంటే డాక్టరమ్మ "ఇది కొవ్వు, ఇంకోటి తీద్దాం" అన్నారు. తర్వాతది నేరుగా అడుగుకి పోయింది. గడ్డలోంచి వచ్చిన ముక్క మామూలుగా మునుగుతుందట.

మీరు అడిగిన ఆలస్యం ఇక్కణ్నుంచే మొదలవుతుంది. ముక్క ఆ ఫార్మలిన్‌లో కనీసం ఆరు గంటలు నానాలి, మూడు నాలుగు రోజులు ఉన్నా గడ్డ ఏమిటో తేల్చడానికి ఇబ్బంది లేదు. అంటే సెలవుల్లో మీ శాంపిల్ పాడైపోతుందన్న భయం అక్కర్లేదు. ఆ తర్వాత ఆల్కహాల్‌లో నీళ్లన్నీ లాగేసి, కరిగిన మైనం ఎక్కించి, గట్టిపడ్డాక వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతంత పల్చగా కోస్తారు. దానికి రంగు వేస్తే అప్పుడు పాథాలజీ డాక్టర్ మైక్రోస్కోపు కింద చూస్తారు. మిషన్ రాత్రంతా తిరిగినా చదివే మనిషి సెలవులో ఉంటే రిపోర్టు రాదు. మన జిల్లాల్లో కొన్ని ల్యాబులు ముక్కని చెన్నైకో హైదరాబాదుకో పంపుతాయి, దానికో రోజు అదనం. ఒక్కోసారి ఇంకో స్టెయిన్, అంటే ఇంకో రకం రంగు వేయాలంటారు, అదీ క్యాన్సర్ అని ఖాయమయ్యాకే వేస్తారని కాదు, తేల్చుకోవడానికి కూడా వేస్తారు.

నాకిదంతా తెలిసినా ఆ మూడు రోజులూ సుఖంగా ఏమీ గడవలేదు. నాలుగో తరగతి లెక్కల పేపర్లు ముందేసుకుంటే తీసివేతలన్నీ కరెక్టుగానే కనిపించాయి, మొత్తం కట్ట మళ్లీ దిద్దాల్సొచ్చింది. శనివారం పొద్దునకి సూది వేసిన చోట కమిలి నల్లబడింది. అది మామూలే, గుడ్డలో ఐసు చుట్టి పెట్టుకున్నా, బరువులు ఎత్తలేదు, నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే వేసుకున్నా. వాపు గబగబా పెరిగినా, రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా మాత్రం సెలవులని ఆగకుండా వెళ్లాలి.

చవితి రోజు పిన్ని వచ్చి "ఏందమ్మే, పండగ పూట మొహం అట్లా పెట్టుకోనుండావు?" అంది. పంటి నొప్పి అని చెప్పా. దాంతో అందరూ ఉండ్రాళ్లు తింటుంటే నాకు గంజి కాచి ఇచ్చింది. అమ్మ నా వైపు చూసి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది, శుక్రవారం తర్వాత అమ్మ నవ్వడం అదే. ఇంట్లో ఒక్కరికి చెప్పి మిగతావాళ్లకి చెప్పకపోవడం నాకైతే నయమనిపించింది, లేకపోతే ప్రతివాళ్లకీ ధైర్యం చెప్పే పని కూడా మనమీదే పడుతుంది.

మంగళవారం మధ్యాహ్నం వచ్చింది, ఫైబ్రోఎడినోమా. మా వయసులో ఎక్కువగా కనిపించే, క్యాన్సర్ కాని గడ్డ. నేను లేచి నిలబడ్డా కానీ డాక్టరమ్మ కూర్చోమని స్కాన్ ఫిల్ము, రిపోర్టు పక్కపక్కన పెట్టి చూశారు. అంచు సరిగా లేకుండా కనిపించినదానికి ఈ జవాబు సరిపోతోందా అని చూడ్డమే అది. సరిపోకపోతే రిపోర్టు మంచిగా ఉన్నా మళ్లీ ముక్క తీస్తారు, ఎందుకంటే సూది గడ్డ పక్కకి పోయి ఉండొచ్చు. నాది సరిపోయింది, ఆరు నెలలకి ఒకసారి స్కాన్ చేయించుకోమన్నారు.

మీరు వెళ్లేటప్పుడు పాత స్కాన్ ఫిల్ములు తీసుకెళ్లండి. రిపోర్టులో ఏమున్నా "స్కాన్‌తో ఇది కలుస్తోందా మేడమ్?" అని మీరే అడగండి.